టీబీ ఉన్న ఇంట్లో తిండి చేసిన మేలు: రేషన్స్ ట్రయల్ ఫలితం

జార్ఖండ్‌లోని 4 జిల్లాల్లో 2019 నుంచి 2022 వరకు జరిగిన ఈ పరిశోధనలో 2,800 మంది టీబీ రోగులు, వాళ్ల ఇళ్లలోని 10,345 మంది పాల్గొన్నారు. రోగులందరికీ మందులతో పాటు రేషన్ ఇచ్చారు. ఇంట్లోవాళ్లలో ఒక గుంపుకే అదనంగా, మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు అందాయి.

రేషన్ అందని ఇంట్లోవాళ్లలో ప్రతి 1,000 మందిలో సుమారు 26 మందికి టీబీ వచ్చింది. అందినవాళ్లలో సుమారు 17 మందికే. మామూలు బియ్యం, పప్పు, విటమిన్ మాత్రలతోనే ఇంత తేడా!

అయితే తిండి మందుకు బదులు కాదు. మాత్రలు మధ్యలో ఆపకండి. ఇంట్లో ఎవరికైనా 2 వారాలకు మించి దగ్గు ఉంటే టెన్షన్ పడకుండా వెంటనే పరీక్ష చేయించండి.