విషయం: రేట్ల ఫైలు డిలీట్ అయింది, కాపీ దొరికింది. నోడ్ 1ని మాత్రం ఎవరూ రీస్టార్ట్ చేయొద్దు

రవి గారూ, నమస్తే.

శనివారం సాయంత్రం ఇంత పొడుగు మెయిల్ పంపుతున్నాను, ఏమీ అనుకోకండి. నోడ్ 1 కూడా ఒకసారి రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది కదా అని చాట్‌లో అడిగారు. దయచేసి వద్దు. ప్రస్తుతం సరైన పార్సిల్ రేట్లు చెబుతున్నది ఆ ఒక్క సర్వరే. ఫైలు తిరిగి దాని చోట పెట్టకముందే దాన్ని ఆపితే అది కూడా తప్పు రేట్లతోనే పైకి లేస్తుంది.

జరిగింది ఇదీ. ఈ రోజు (16 నవంబర్ 2024) డబ్లిన్ టైం ప్రకారం తెల్లవారుజామున 2 గంటలకు రెండు నోడ్లలోనూ టెంప్ ఫోల్డర్ శుభ్రం చేసే క్రాన్ జాబ్ నడిచింది. అందులో ఉన్న లైను ఇది:

```
find -L /srv/rating/tmp -type f -mtime +7 -exec rm -f {} +
```

ఈ స్క్రిప్ట్ పాతదే, ఇన్నాళ్లూ ఏ గొడవా చేయలేదు. గురువారం కొత్త రేట్లు పెట్టినప్పుడు, చెక్ చేసుకోవడానికి వీలుగా `tmp` లోంచి `ref` ఫోల్డర్‌కి ఒక సిమ్‌లింక్ పెట్టారు, తర్వాత తీయలేదు. `-L` ఉంటే `find` సిమ్‌లింక్ వెంట లోపలికి వెళ్తుంది. అలా `ref` లో ఉన్న `rates_master.dat` కూడా దాని కంట పడింది.

గురువారం పెట్టిన ఫైలు శనివారానికే వారం పాతది ఎలా అయిందన్న అనుమానం మీకూ వస్తుంది. నాకూ వచ్చింది, అక్కడే చాలాసేపు ఆగిపోయాను. ఫైలు పంపింది `rsync -a` తో. అది ఫైలుతో పాటు పాత తేదీని కూడా తెస్తుంది. రేట్స్ టీమ్ ఆ ఫైలు తయారు చేసింది అక్టోబర్ 28న. కాబట్టి సర్వర్‌కి వచ్చి రెండు రోజులే అయినా, స్క్రిప్ట్ లెక్కలో అది దాదాపు మూడు వారాల కిందటి ఫైలు. `ref` లో మిగతా ఫైళ్లు రోజూ కొత్తగా రాసేవి కాబట్టి వాటికి ఏమీ కాలేదు.

3 గంటలకు బ్యాకప్ నడిచింది. అది `rsync --delete` తో చేసే మిర్రర్. ఇక్కడ ఫైలు లేదు కాబట్టి అక్కడా తీసేసింది. దాన్ని మనం ఇన్నాళ్లూ బ్యాకప్ అని పిలుస్తున్నాం, సరే. వారానికోసారి తీసే స్నాప్‌షాట్ ఉంది కానీ అది 10వ తేదీ ఆదివారంది, అందులో పాత రేట్లే ఉన్నాయి.

4 గంటలకు ప్యాచింగ్ కోసం నోడ్ 2 రీస్టార్ట్ అయింది. రేట్ల ఫైలు కనబడకపోతే సర్వీసు ఆగిపోవాలి. ఆగలేదు. కోడ్‌లో ఎప్పుడో రాసిపెట్టిన డిఫాల్ట్ రేట్లు తీసుకుని, లాగ్‌లో ఒక్క `WARN` లైను వేసి, అంతా బాగున్నట్టే నడిచింది. హెల్త్ చెక్ పచ్చగానే ఉంది. 9:20కి కస్టమర్ సపోర్ట్ నుంచి ఫోన్ వచ్చాకే తెలిసింది: పేజీ రిఫ్రెష్ చేసినప్పుడల్లా ఒకే పార్సిల్‌కి రెండు ధరలు మార్చి మార్చి వస్తున్నాయని. 9:35కి నోడ్ 2ని లోడ్ బ్యాలెన్సర్ నుంచి తీసేశాను.

నోడ్ 1 ప్యాచింగ్ రేపు తెల్లవారుజామున. అంటే అది ఇంకా రీస్టార్ట్ కాలేదు, ఫైలును తెరిచే ఉంచింది. లైనక్స్‌లో `rm` చేస్తే పోయేది పేరే. తెరిచి ఉంచిన ప్రాసెస్ దాన్ని వదిలేవరకు డేటా డిస్కు మీదే ఉంటుంది. దాన్ని ఇలా బయటికి తీశాను:

```
lsof -nP +L1 | grep rates_master
cp /proc/4127/fd/9 /mnt/safe/rates_master.dat
sha256sum /mnt/safe/rates_master.dat
```

సర్వీసు ఈ ఫైలును చదవడానికి మాత్రమే తెరుస్తుంది, రాయదు. కాబట్టి కాపీ సగంలో మారిపోయిందేమో అన్న భయం లేదు. వచ్చిన చెక్‌సమ్, గురువారం రేట్స్ టీమ్ మెయిల్‌లో పంపిన చెక్‌సమ్‌తో అక్షరం తేడా లేకుండా కలిసింది. ఒక కాపీ వేరే డిస్కులో, ఇంకొకటి ఆఫీసు స్టోరేజ్‌లో పెట్టాను.

ఆన్‌కాల్‌గా నా చేతిలో ఉన్నవి చేసేశాను: రెండు నోడ్లలో ఆ క్రాన్ జాబ్ ఆపాను, రేపటి నోడ్ 1 ప్యాచింగ్‌ని హోల్డ్‌లో పెట్టించాను, ఈ రాత్రి బ్యాకప్ మిర్రర్‌ని కూడా ఆపాను. ప్రొడక్షన్‌లో ఫైలు పెట్టడానికి మాత్రం మీ అప్రూవల్ కావాలి. చేంజ్ టికెట్ మీ క్యూలో ఉంది.

అప్రూవ్ చేస్తే ఇక్కడి టైం సాయంత్రం 6కి, మీకు రాత్రి 11:30కి, మొదలుపెడతాను. ముందు రెండు నోడ్లలోనూ ఫైలు పెట్టి, ఓనర్, పర్మిషన్లు సరిచూసి, సిమ్‌లింక్ తీసేస్తాను. తర్వాత నోడ్ 2 స్టార్ట్ చేసి, లాగ్‌లో ఫైలు లోడ్ అయిన లైను చూస్తాను. ఆపైన కొన్ని పార్సిళ్లకు రెండు నోడ్ల నుంచీ ధర తీసి పోలుస్తాను. బరువైనవి, ఐర్లాండ్ దాటి వెళ్లేవి తప్పకుండా ఉంటాయి, ఎందుకంటే డిఫాల్ట్ రేట్లకూ కొత్త రేట్లకూ ఎక్కువ తేడా అక్కడే ఉంది. అన్నీ కలిస్తే నోడ్ 2కి పది శాతం ట్రాఫిక్, అరగంట చూసి సగం. నోడ్ 1 రీస్టార్ట్ ఆ తర్వాతే. ధర ఒక్కటి తేడా వచ్చినా నోడ్ 2ని మళ్లీ పక్కన పెట్టేస్తాను, నోడ్ 1ని ముట్టుకోను. ఈలోపు నోడ్ 1 తనంతట తానే పడిపోతే సైట్‌లో ధర చూపించడం ఆపేస్తాం. తప్పు ధర చెప్పడం కంటే అదే నయం.

ఇక డబ్బు సంగతి. 4:00 నుంచి 9:35 లోపు నోడ్ 2 మీదుగా వెళ్లిన ఆర్డర్లు 412. వాటిలో 37 మందికి ఎక్కువ ఛార్జ్ పడింది, మిగతావాళ్లకు తక్కువ. ఎక్కువ పడినవాళ్లకు సోమవారమే రిఫండ్ ఇవ్వాలని నా అభిప్రాయం. తక్కువ పడినవాళ్ల నుంచి వసూలు చేద్దామని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి, చెప్పిన ధర మనదే. అయినా ఆ నిర్ణయం మీరూ క్లయింట్ ఫైనాన్స్ వాళ్లూ తీసుకోవాల్సింది. లిస్టులో కస్టమర్ల పేర్లు, అడ్రస్‌లు ఉన్నాయి కాబట్టి మెయిల్‌కి జత చేయలేదు, ఇన్సిడెంట్ ఫోల్డర్‌లో ఉంది.

క్రాన్ స్క్రిప్ట్‌లో `-L` తీసేయడం, `-mtime` బదులు `-ctime` వాడటం చిన్న పనులు, సోమవారం అయిపోతాయి. బ్యాకప్‌కి పాత వెర్షన్లు దాచేలా మార్చడానికి స్టోరేజ్ టీమ్‌తో మాట్లాడాలి. కానీ నాకు అసలు టెన్షన్ ఆ డిఫాల్ట్ రేట్ల గురించే. ఫైలు పోవడం ఇంకో రూపంలో మళ్లీ జరగొచ్చు. ఫైలు లేకపోయినా సర్వీసు పైకి లేచి, ధరలు అమ్ముతూ కూర్చోవడం మాత్రం మళ్లీ జరగకూడదు. ఆ కోడ్ తీసేసే మార్పును వచ్చే రిలీజ్‌లో కొత్త ఫీచర్ల కంటే ముందు పెట్టించండి. దీనికి మీ సపోర్ట్ లేకపోతే అది ఎప్పటిలాగే బ్యాక్‌లాగ్‌లో పడి ఉంటుంది.

మీ నుంచి ఇప్పుడు కావలసినవి రెండే: చేంజ్ టికెట్ అప్రూవల్, క్లయింట్‌కి ఈ రోజే ఒక చిన్న మెయిల్. డ్రాఫ్ట్ రాసి మీ ఫోల్డర్‌లో పెట్టాను, మీ పేరు మీద వెళ్తేనే బాగుంటుంది. అప్రూవ్ చేశాక మీరు మేలుకొని ఉండక్కర్లేదు. పని అయ్యాక చాట్‌లో మెసేజ్ పెడతాను, తేడా వస్తేనే ఫోన్ చేస్తాను.

ఉంటానండి,
సందీప్
ఆన్‌కాల్, డబ్లిన్