వడ్ల కొనుగోలు: అక్క గీసిన బొమ్మ నుంచి

అక్కా, వాట్సాప్‌లో మీరు పంపిన కాగితం ఫోటో చూసి వరుసగా రాశాను. కొత్తగా సెంటర్‌లో చేరిన ఇద్దరికీ రేపు ఇదే ఇద్దాం. అర్థం కాని చోట్ల అక్కడే రాశాను, ఒకసారి చూడండి.

1. రైతు రాగానే సీరియల్ రాసి టోకెన్ ఇవ్వాలి. పట్టా పాస్‌బుక్, ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్ జిరాక్సులు తీసుకోవాలి.

2. కుప్పలో తాలు, మట్టి పెళ్లలు ఉన్నాయా?
ఉంటే: 3కి. లేకుంటే: 4కి.

3. క్లీనర్‌లో పట్టించి మళ్లీ 2కి రావాలి.

4. తేమ చూడాలి. పైన గుప్పెడు తీసి మీటర్లో పోస్తే చాలదు. పైపొర ఎండి ఉంటుంది, చేయి లోపలికి పెడితే చల్లగా తగులుతుంది. నాలుగు వైపులా, నడుమ, అడుగున తీసి కలిపి చూడాలి.

5. తేమ ఎంత వచ్చింది?
17 శాతం, అంతకు తక్కువ: 7కి. 17 దాటితే: 6కి.
(బొమ్మలో ఒక పక్క "17 కంటే తక్కువ", ఇంకో పక్క "17 కంటే ఎక్కువ" అని ఉంది. సరిగ్గా 17 వస్తే ఎటు పోవాలో లేదు. రూలు 17 వరకు కాబట్టి కొనే వైపే కలిపాను.)

6. పలుచగా ఎండబోసి, మధ్యమధ్యలో కాళ్లతో తిప్పాలి. తర్వాత 4కి. మీ బాణం నేరుగా 5కి పోయింది, కానీ మళ్లీ మీటర్ పెట్టకుండా అంకె ఎక్కడి నుంచి వస్తుంది?

7. గన్నీ సంచులు ఉన్నాయా?
ఉంటే: 8కి. లేకుంటే: ఇక్కడ మీ గీత ఆగిపోయింది. మీరు చెప్పేదాకా "కుప్ప కప్పి ఉంచాలి, రైతు సీరియల్ పోదు" అని పెట్టాను.

8. కాంటా. సంచికి 40 కిలోల వడ్లు. ఖాళీ సంచిని తూచి ఆ బరువు మాత్రమే కలపాలి. తరుగు పేరుతో ఇంకేమీ వద్దు, గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి.

9. సంచులు కుట్టించి, రైతు ముందే లెక్కపెట్టి, ట్యాబ్‌లో ఎక్కించి రసీదు ఇవ్వాలి.

10. లారీ వచ్చిందా?
వస్తే: 11కి. రాకుంటే: సంచులు ఎత్తు మీద పేర్చి టార్పాలిన్ కప్పాలి, లారీ వచ్చాక 11కి.

11. లోడు ఎత్తించి, ట్రక్ షీట్ రాసి మిల్లుకు పంపాలి.

ఏ అంచెలోనైనా వాన వస్తే: పని ఆపి ముందు టార్పాలిన్ కప్పాలి. విడి వడ్లు తడిస్తే 6కి, సంచుల్లోవి తడిస్తే విప్పి 6కి. (మబ్బు బొమ్మ పక్కకు గీశారు, దానికి బాణమే లేదు. అందుకే నంబరు ఇవ్వలేదు.)

12. ఫోటోలో కింది మూలన మీ బొటనవేలు అడ్డొచ్చింది. "మిల్లులో సంచులు తక్కువ" వరకే కనిపిస్తోంది, తర్వాత రెండు గీతలున్నాయి. ఆ ముక్క ఒక్కటి మళ్లీ ఫోటో తీసి పెట్టండక్కా.