ఒక రోజు ఆలస్యం

ఆగస్టు 6, 2025, బుధవారం, రాత్రి

నిన్న రావలసిన నెలసరి ఈ రాత్రి వరకు రాలేదు. జూలై 6న వచ్చింది కనుక, ముప్పై రోజుల లెక్క ప్రకారం నిన్నటితో గడువు దాటింది. ఒక్క రోజు ఆలస్యమైతే ఏమవుతుందని పెళ్ళికి ముందు ఎన్నోసార్లు అనుకున్నదాన్నే, ఈ రోజు మాత్రం ఆఫీసులో ఏ పని మీదా మనసు నిలవక, ఏదో ఒక వంకతో పదేపదే వాష్‌రూమ్‌కు వెళ్ళి చూసుకుంటూనే ఉన్నాను. ఏమీ కనిపించనప్పుడల్లా ముందు సంతోషం, దాని వెనుకే భయం.

నా తేదీ నా ఒక్కదానిదే అయితే ఇంత ఇబ్బంది ఉండేది కాదు. ఎల్లుండి వరలక్ష్మీ వ్రతం. మొదటి ఏడాది కనుక దగ్గరుండి చేయించాలని అత్తయ్యగారు ఈ రాత్రి కాకినాడలో గౌతమి ఎక్కారు. రైలు కదలగానే ఫోన్ చేసి, కలశానికి కొబ్బరికాయ, తోరాలకు దారం ఉన్నాయో లేదో అడిగి, చివరగా గొంతు కాస్త తగ్గించి, "శుక్రవారానికి నీకేమీ అడ్డం రాదు కదమ్మా?" అన్నారు. "రాదనుకుంటానండీ" అన్నాను. అవతల ఒక్క క్షణం మాట లేదు. తరువాత "మంచిది, మంచిది" అన్న తీరులోనే ఆవిడ వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టారని అర్థమైంది.

నేను కూడా లెక్క కట్టాను. జూలై 6కు ఏడు రోజులు కలిపి మూడు నెలలు వెనక్కి వెళితే, పురుడు తేదీ వచ్చే ఏడాది ఏప్రిల్ 13 అని వస్తుంది. నడి ఎండల్లో పురుడు రాకూడదనే కొత్త జంటను ఆషాఢంలో వేరుగా ఉంచుతారని అమ్మమ్మ చెప్పేది. నేనేమో సెలవు దొరకక మొదటి వారం కాగానే పుట్టింటి నుంచి తిరిగి వచ్చేశాను. విశేషమే అయితే, ఆ సంగతి తేలడానికి మా అత్తయ్యగారికి పంచాంగం కూడా అక్కరలేదు. తలచుకుంటే సిగ్గుతో పాటు నవ్వు కూడా వచ్చింది.

నవ్వు రానిది ఉద్యోగం సంగతి. జూన్‌లోనే చేరాను, ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. ప్రసవానికి ముందు పన్నెండు నెలల్లో ఎనభై రోజులు పనిచేసి ఉంటే మొదటి కాన్పుకు 26 వారాల జీతంతో కూడిన సెలవు చట్టం ఇస్తుందని మధ్యాహ్నం చదువుకున్నాను. ఏప్రిల్ నాటికి ఆ రోజులు ఎటూ నిండుతాయి. కానీ చట్టం ఇచ్చే సెలవు వేరు, దాన్ని అడిగిన కొత్త ఉద్యోగి వంక పైవాళ్ళు చూసే చూపు వేరు. పోయిన వారం తలనొప్పికి వేసుకున్న మాత్ర, అమ్మ పంపిన బొప్పాయి పండు కూడా ఇప్పుడు గుర్తుకొచ్చి బాధ పెడుతున్నాయి. పండిన బొప్పాయితో భయం లేదని తెలిసినా, చిన్నప్పటి నుంచి విన్న మాట అంత తేలికగా వదలదు.

శరీరాన్ని అడిగితే తిన్నగా సమాధానం చెప్పదు. రొమ్ముల్లో సలపరం ఉంది, నడుము లాగుతోంది, కాఫీ వాసన పొద్దున కాస్త వెగటుగా అనిపించింది. నెలసరికి ముందు పెరిగే హార్మోనే గర్భం నిలిచినా పెరుగుతుంది కనుక, రెంటికీ గుర్తులు ఇంచుమించు ఒకటే. నిన్న మంగళగౌరి నోముకు కాటుక పడుతూ నెయ్యి దీపం పొగకు కళ్ళు తిరిగినట్లయితే దాన్ని కూడా ఖాతాలో వేసుకున్నాను. ఆశ ఉన్నవాళ్ళకు ప్రతిదీ సాక్ష్యమే.

కిట్ కొన్నాను. మా వీధి మందుల షాపతను ఆయనను పేరు పెట్టి పలకరిస్తాడు, అందుకని మెట్రో స్టేషన్ పక్కన షాపులో తీసుకున్నాను. చిన్న రేకు కవరులో తెల్లటి ప్లాస్టిక్ పలక, ఒక డ్రాపరు, తేమ పీల్చే పొట్లం, అంతే. గుంటలో మూడు చుక్కలు వేసి ఐదు నిమిషాల్లో చూడాలి. C దగ్గర గీత రాకపోతే పరీక్షే చెల్లదు, T దగ్గర కూడా వస్తే ఉన్నట్లు. ఇప్పుడే చేసేద్దామని చేయి లాగింది. కానీ ఇంత తొందరలో హార్మోను తక్కువగా ఉండవచ్చు, రాత్రంతా ఆగి తెల్లవారి తొలి మూత్రంతో చేస్తేనే తెలిసే అవకాశం ఎక్కువ. లేని గీత చూసి ఏడవడం కంటే ఆగడమే నయమని పట్టుచీర మడతల్లో దాచాను.

ఆయనకు రేపే చెబుదామనుకున్నాను గానీ, భోజనాల దగ్గర నా ముఖం చూసి ఆయనే అడిగారు. చెప్పాను. ఆయన కంచంలో చేయి అలాగే ఉంచి, "నీకు సంతోషంగా ఉందా?" అన్నారు. "ఉంది, భయంగా కూడా ఉంది" అన్నాను. "నాకు కూడా" అని, కాసేపాగి, "అమ్మకు ఇప్పుడే చెప్పొద్దు" అన్నారు. ఆ ఒక్క మాటతో సగం బరువు దిగింది.

రైలు ఉదయం ఏడు ప్రాంతంలో చేరుతుంది. ఆయన స్టేషనుకు బయలుదేరే ముందే ఇద్దరం కలిసి చూద్దామని ఐదింటికి అలారం పెట్టుకున్నాం. ఒక్క గీతే వచ్చి, నెలసరి కూడా రాకపోతే ఆదివారం మళ్ళీ చూస్తాను. రెండు గీతలు వస్తే డాక్టరమ్మను కలిసేదాకా మా ఇద్దరి మధ్యే ఉంచాలని ఒప్పందం. అత్తయ్యగారి ముందు ఆ ఒప్పందం ఎన్ని గంటలు నిలుస్తుందో చెప్పలేను.