ఐసీయూ పరికరాల సర్వీసింగ్ పట్టిక, రిపేర్ల రిజిస్టర్: 2025 జులై – సెప్టెంబర్

విభాగం: పది పడకల మెడికల్ ఐసీయూ
పరికరాలు: పేషెంట్ మానిటర్లు 10, ఇన్‌ఫ్యూజన్ పంపులు 12, సిరంజి పంపులు 14. వెంటిలేటర్లకు, డీఫిబ్రిలేటర్‌కు వేరే రిజిస్టర్ ఉంది.
రాసింది: బయోమెడికల్ టెక్నీషియన్. చూసింది: ఐసీయూ ఇన్‌ఛార్జి సిస్టర్.

సర్వీసింగ్ పట్టిక

| పరికరం | రోజూ (డ్యూటీ సిస్టర్) | నెలకోసారి (టెక్నీషియన్) | ఆరు నెలలకోసారి |
|---|---|---|---|
| మానిటర్ | కేబుళ్లు, కఫ్, అలారం శబ్దం | బీపీ కఫ్ లీక్, ఫ్యాన్ దుమ్ము, బ్యాటరీ | సిమ్యులేటర్‌తో ఈసీజీ, బీపీ కొలతలు. కరెంటు లీకేజీ |
| ఇన్‌ఫ్యూజన్ పంపు | పైనా లోపలా తుడవడం, ఛార్జింగ్ లైటు | డ్రాప్ సెన్సర్, తలుపు గొళ్లెం | ఫ్లో పరీక్ష, అక్లూజన్ అలారం, కరెంటు లీకేజీ |
| సిరంజి పంపు | సిరంజి బ్రాండ్ సరిపోయిందా | సిరంజి క్లాంపు, ప్లంజర్ పట్టు | ఫ్లో పరీక్ష, బ్యాటరీ, కరెంటు లీకేజీ |

ఫ్లో పరీక్షకు పంపును గంటకు 60 మి.లీ. మీద పెట్టి 10 నిమిషాలు నడిపి, కొలజాడీలో పట్టాలి. 10 మి.లీ. రావాలి. 9.5 కన్నా తక్కువ వచ్చినా 10.5 దాటినా ఆ పంపు వార్డుకు వెళ్లకూడదు. బీపీ లీక్ పరీక్షలో 250 దగ్గర గాలి ఆపి ఒక నిమిషం చూడాలి. 6 కన్నా ఎక్కువ పడితే ఎక్కడో కారుతున్నట్టే.

రోగికి తగిలించి ఉన్న పరికరాన్ని సర్వీసింగ్ తేదీ వచ్చిందని తీయకూడదు. బదులు పరికరం పెట్టి, సిస్టర్‌కు చెప్పి, ఆ తర్వాతే తీసుకెళ్లాలి.

రిపేర్ల రిజిస్టర్

జులై 9, రాత్రి 2.10. ఇన్‌ఫ్యూజన్ పంపు 7, పడక 4. `OCCLUSION` అలారం పదేపదే మోగింది. లైన్‌లో మడత లేదు, క్యాన్యులా బాగానే ఉంది. నడుస్తున్నది పొటాషియం డ్రిప్. సిస్టర్ ఆలస్యం చేయకుండా పంపు 11కి మార్చారు. ఉదయం తలుపు తీసి చూస్తే ప్రెషర్ సెన్సర్ మీద గ్లూకోజ్ ఎండి గట్టిపడి ఉంది. తడి గుడ్డతో తుడిచి ఆరబెట్టాం. ఫ్లో పరీక్షలో 9.9 మి.లీ. వచ్చింది. 11 గంటలకు తిరిగి ఇచ్చాం.

జులై 23. మానిటర్ 3. బీపీ రావడం లేదు. కఫ్ మార్చారు, వచ్చింది.

ఆగస్టు 6. మానిటర్ 3. మళ్లీ అదే. మళ్లీ కఫ్ మార్చారు.

ఆగస్టు 8. మానిటర్ 3. మూడోసారి. పై రెండు ఎంట్రీలు పక్కపక్కన పెట్టి చూశాక కఫ్ వదిలేసి గొట్టం పట్టుకున్నాం. మంచం రెయిలింగ్ సందులో నలిగి సన్నగా చీలింది. లీక్ పరీక్షలో నిమిషానికి 31 పడింది, కొత్త గొట్టంతో 2. పక్కన పడేసిన రెండు కఫ్‌లూ పరీక్షిస్తే మంచివే, తిరిగి వాడుకలోకి తెచ్చాం. కఫ్ మార్చగానే బాగైన ఫిర్యాదును కూడా రిజిస్టర్‌లో ఎక్కించమని అడిగేది ఇందుకే. ఆ రెండూ రాయకపోయి ఉంటే మూడో కఫ్ కూడా పోయేది.

ఆగస్టు 19, మధ్యాహ్నం 3.40. సిరంజి పంపు 5. రోగిని సీటీ స్కాన్‌కు తీసుకెళ్తుండగా లిఫ్ట్‌లో `LOW BATTERY` వచ్చి, నిమిషం తిరక్కుండానే పంపు ఆగిపోయింది. నడుస్తున్నది నోర్‌అడ్రినలిన్. తోడు తీసుకెళ్లిన పంపు 9కి సిరంజి మార్చేలోపు పై బీపీ 112 నుంచి 84కి పడింది. మార్చాక కోలుకుంది, డాక్టర్ దగ్గరే ఉన్నారు. రెండో పంపు లేకుండా ఏ రోగినీ బయటికి తీసుకెళ్లకూడదన్న మా నియమం ఆ రోజు పనికొచ్చింది.

పరీక్షలో బ్యాటరీ 40 నిమిషాలకే అయిపోయింది, మాన్యువల్ ప్రకారం 5 గంటలు రావాలి. వాడకం లేనప్పుడు ఈ పంపును ప్లగ్ పెట్టకుండా అల్మరాలో ఉంచుతున్నారు. అదే అల్మరాలోని పంపు 6, పంపు 13 కూడా పరీక్షించాం, రెండూ గంట దాటలేదు. మూడు బ్యాటరీలూ మార్చాం. జాతీయ మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమానికి ఫారం పంపాం.

సెప్టెంబర్ 11. సిరంజి పంపు 12. 'సిరంజి లెక్క కన్నా ముందే ఖాళీ అవుతోంది' అని ఫిర్యాదు. పంపులో లోపం లేదు. స్టోర్ నుంచి వేరే బ్రాండ్ 50 మి.లీ. సిరంజిలు వచ్చాయి, స్క్రీన్ మీద మాత్రం పాత బ్రాండే ఉంది. కొత్తదాని గొట్టం లావు, అందుకే ప్లంజర్ అంతే కదిలినా మందు ఎక్కువ పోతుంది. ఆ బ్రాండ్ అన్ని పంపుల్లో ఎంచి, మూడు షిఫ్టుల సిస్టర్లకూ చూపించాం.

సెప్టెంబర్ 24. మానిటర్ 8. స్క్రీన్ మసకబారింది. స్పిరిట్‌తో తుడిచినందువల్లే. సర్వీస్ ఇంజినీర్‌కు పంపాం, ఇంకా రాలేదు.

అక్టోబర్ 1 నుంచి పట్టికలో మార్పులు

సిరంజి పంపుల బ్యాటరీ పరీక్ష ఆరు నెలల గడి నుంచి నెల గడిలోకి వస్తుంది. అల్మరాలో పంపులు ఉంచరు, ప్లగ్ పాయింట్లున్న స్టాండు మీదే ఉంటాయి. మానిటర్ల నెలవారీ పనిలో కఫ్‌తో పాటు గొట్టం పొడవునా చేత్తో తడిమి చూడడం చేరింది. సిరంజి బ్రాండ్ మారితే, సరుకు వార్డుకు పంపే ముందే స్టోర్ వాళ్లు బయోమెడికల్ గదికి ఫోన్ చేయాలి. దీనికి స్టోర్ ఇన్‌ఛార్జి ఒప్పుకుని సంతకం చేశారు.

మానిటర్ 8 వచ్చేదాకా పడక 8కి స్పేర్ మానిటర్ ఉంటుంది. వచ్చాక ఈసీజీ, బీపీ, అలారాలు పూర్తిగా పరీక్షించాకే తగిలించాలి.