ఈ నెల అద్దె గురించి

రవి గారూ, నమస్తే. ఇంట్లో అందరూ బాగున్నారని అనుకుంటున్నాను.

ఈ నెల అద్దె ఇంకా రాలేదండీ. అయిదో తేదీలోపు ఇవ్వాలన్నది మన మాట. ఈ రోజు పన్నెండు, గురువారం. పొద్దున మళ్ళీ ఒకసారి అకౌంట్ చూసుకున్నాకే ఇది రాస్తున్నాను. అద్దె 16,000, మెయింటెనెన్స్ 1,500, మొత్తం 17,500 రావాలి. ఒకవేళ మీరు పంపించేసి, నాకు చేరకుండా మధ్యలో ఎక్కడైనా ఆగి ఉంటే ఆ లావాదేవీ నంబరు పెట్టండి, బ్యాంకులో నేనే అడుగుతాను. అలా అయ్యుంటే ఈ మెసేజ్ పట్టించుకోకండి.

ఏడో తేదీన మెసేజ్ పెట్టాను. ఎనిమిదిన ఫోన్ చేస్తే "రెండు రోజుల్లో వేసేస్తానండీ" అన్నారు. సరేనని ఊరుకున్నాను. ఆ రెండు రోజులు అయిపోయి ఇంకో రెండు రోజులు గడిచాయి. నిన్న సాయంత్రం రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు, తిరిగి చేయనూ లేదు. ఆలస్యం కన్నా నాకు అదే ఎక్కువ కష్టంగా అనిపించింది. డబ్బు సర్దుబాటు కాకపోవడం ఎవరికైనా ఉండేదే. "ఇంకా కాలేదండీ, ఫలానా రోజు ఇస్తాను" అని ఒక్క ముక్క చెబితే నేనూ నా లెక్క చూసుకుంటాను కదా. పోయిన నెల కూడా తొమ్మిదో తేదీకి వచ్చింది. అప్పుడు నేనేమీ అనలేదు. కానీ అదే అలవాటైపోతే నాకు కుదరదు.

నా సంగతీ చెబుతాను. ఈ ఇంటి మీద తీసుకున్న లోను ఇంకా తీరలేదు. నెలనెలా పదిహేడో తేదీన వాయిదా కట్ అవుతుంది, మీ అద్దె వెళ్ళేది అందులోకే. ఆ రోజు అకౌంట్‌లో డబ్బు తగ్గితే బ్యాంకు వాళ్ళు వేసే జరిమానా నా మీద పడుతుంది.

అందుకని ఎల్లుండి, అంటే పద్నాలుగో తేదీ శనివారం సాయంత్రం ఆరు గంటలలోపు మొత్తం 17,500 నా అకౌంట్‌లో వేయండి. ఎప్పుడూ వేసే అకౌంటే, ఏమీ మారలేదు. నగదు మాత్రం వాచ్‌మన్ చేతికి ఇవ్వకండి, లెక్క తేలదు. డబ్బు అందగానే ఎప్పటిలాగే రసీదు పంపిస్తాను.

మొత్తం ఒకేసారి నిజంగా కుదరకపోతే, శనివారానికి కనీసం 10,000 వేసి, మిగతా 7,500 ఇరవయ్యో తేదీకి ఇవ్వండి. అలా అయితే ఆ మాట రేపు రాత్రిలోపు ఇక్కడే మెసేజ్‌లో రాసి పెట్టండి. ఫోన్‌లో అనుకున్న మాట ఎలా జారిపోయిందో చూశాం కదా. ఈ వెసులుబాటు ఈ ఒక్క నెలకే.

పదో తేదీ దాటితే ఆలస్య రుసుము రోజుకు వంద చొప్పున అని అగ్రిమెంటులో రాసుకున్నాం. ఇన్నాళ్ళూ దాని జోలికి పోలేదు. శనివారానికి మొత్తం వచ్చినా, పైన చెప్పినట్టు రెండు విడతల్లో వచ్చినా ఈసారీ అడగను. రెండూ జరగకపోతే మాత్రం పదకొండో తేదీ నుంచి లెక్క కడతాను. ఆ తర్వాతి అడుగు అగ్రిమెంటులో ఉన్న నోటీసే. అంత దూరం వెళ్ళాలని నాకు లేదు. నీళ్ళు ఆపడం, కరెంటు తీయించడం లాంటి పనులు నేను చేయను, ఆ భయం పెట్టుకోకండి. చేసేదేదైనా కాగితం మీద, పద్ధతిగానే చేస్తాను.

అడ్వాన్సులో సర్దుకోమని అడుగుతారేమోనని ముందే చెబుతున్నాను, అది కుదరదు. అది ఇల్లు ఖాళీ చేసేటప్పుడు లెక్క చూసుకోవడానికి పెట్టుకున్నది.

వంటింట్లో కుళాయి కారుతోందన్నారు, మర్చిపోలేదు. ఆదివారం పొద్దున ప్లంబర్‌ను పంపిస్తున్నాను, ఆ ఖర్చు నాదే. అద్దె వచ్చినా రాకపోయినా ఆ పని ఆగదు. అలాగే కుళాయి పేరు చెప్పి అద్దె ఆపడమూ సరికాదు. మీరు అలా అన్నారని కాదు, ఇద్దరికీ స్పష్టంగా ఉంటుందని రాశాను.

పోయిన ఆదివారం మోటారు చూడటానికి వచ్చినప్పుడు మెట్ల దగ్గర మీ ఆవిడ కనిపించారు. ఆవిడ దగ్గర ఈ ప్రస్తావన తేలేదు. అగ్రిమెంటు మీ పేరున ఉంది, ఇది మనిద్దరం మాట్లాడుకోవాల్సిన విషయం. రెండేళ్ళుగా ఇల్లు శుభ్రంగా ఉంచుకుంటున్నారు, పక్కవాళ్ళ నుంచి ఒక్క మాట రాలేదు. మీరు ఉండాలనే నాకూ ఉంది.

ఉద్యోగంలోనో, ఆరోగ్యం విషయంలోనో ఏదైనా ఇబ్బంది వచ్చి ఉంటే దాచుకోకండి, చెప్పండి. ఈ రాత్రి తొమ్మిది వరకూ నేను ఫోన్ దగ్గరే ఉంటాను. మాట్లాడటానికి వీలు కాకపోతే, ఏ రోజు వేస్తున్నారో ఆ తేదీ ఒక్కటి ఇక్కడ రాసినా చాలు.

ఇట్లు,
మీ ఇంటి ఓనర్