రెండు గీతలూ తగలాలి

క్యారమ్స్‌లో ఓడిపోవడం కూడా ఒక ఓటమేనా అని నవ్వేవాళ్ళుంటారు. ఉత్తర చెన్నైలో పెరిగినవాళ్ళు మాత్రం నవ్వరు. 2024 నవంబర్లో అమెరికాలో జరిగిన ప్రపంచ కప్పు నుంచి మూడు బంగారు పతకాలు మెడలో వేసుకొచ్చిన ఖాజిమా ఈ వైపు పిల్లే, అప్పటికి పదిహేడేళ్ళది, ఆటో డ్రైవర్ కూతురు. ఆ వార్త చదివిన రోజు నేను కాఫీ చల్లారబెట్టుకుని కూర్చున్నాను. సంతోషం ఒక పక్కా, ఇరవై ఏడేళ్ళ కిందటి ఒక ఆదివారం ఇంకో పక్కా.

మాది గూడూరు. నాయన పెరంబూర్ ఐసీఎఫ్‌లో కార్పెంటర్. 1955లో మొదలైన ఆ రైలుపెట్టెల ఫ్యాక్టరీ చుట్టూ మనవాళ్ళ కుటుంబాలు చాలానే స్థిరపడ్డాయి. క్వార్టర్స్‌లో సాయంత్రమైతే ఒక గుమ్మంలో తెలుగు, పక్క గుమ్మంలో తమిళం, మధ్యలో మెట్లమీద క్యారమ్ బోర్డు. మా ఇంటి బోర్డు నాయన ఎవరి దగ్గరో పాతది కొని, ఫ్రేము పగిలితే తనే రిపేరు చేసింది. వర్షాకాలంలో ఒకసారి గోడకానించి వదిలేస్తే చెమ్మ పట్టి, ప్లైవుడ్ ఒక మూల కాస్త కుంగింది. ఈశాన్యం మూల. వాస్తుకి మంచిదేలే అని అమ్మ నవ్వేది.

ఆ పల్లం నాకు వేళ్ళతో తెలుసు. ఆ మూలకి కొట్టే కాయిన్ సగం దూరంలో నీరసించినా సరే, చివరి రెండంగుళాల్లో తనంతట తనే పాకెట్‌లోకి జారుతుంది. సన్నటి కట్ కొట్టి, కాయిన్ ఇంకా దొర్లుతుండగానే తల పక్కకి తిప్పేసేవాణ్ణి. పడుతుందని తెలుసుగా! చూసేవాళ్ళకి అది మంత్రంలా ఉండేది. పదో తరగతి అయ్యేసరికి క్వార్టర్స్‌లో నన్ను కొట్టేవాడు లేడు. పెద్దవాళ్ళు కూడా ‘మాస్టర్’ అని పిలిచేవాళ్ళు. 1991లో ప్రపంచ ఛాంపియన్ అయిన మరియ ఇరుదయం మన ఊరివాడే కదా, 1996 అర్జున అవార్డు కూడా ఆయనకే వచ్చింది కదా, ఇక తర్వాత నేనే అని లోపల నాకొక లెక్క ఉండేది. ఎవరికీ చెప్పలేదు గానీ, అవార్డు తీసుకునేటప్పుడు ఏ చొక్కా వేసుకోవాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. పదిహేనేళ్ళ వయసులో మనిషికి సిగ్గుండదు.

1997 జూన్‌లో వ్యాసర్పాడిలో ఒక రీడింగ్ రూమ్ మేడమీద చిన్నపిల్లల టోర్నమెంటు. పెరియమేట్‌లో కొన్న నా సొంత స్ట్రైకర్‌ని జేబు రుమాల్లో చుట్టుకుని నాయనతో వెళ్ళాను. మూడు రౌండ్లు ఎలా గెలిచానో ఇప్పుడు గుర్తులేదు. గెలిచినవి అసలు గుర్తుండవు నాకు.

నాలుగో రౌండులో నా ఎదుట కూర్చున్నవాడికి పదమూడేళ్ళుంటాయేమో. చొక్కా భుజాల మీద నిలవడం లేదు, అన్నదో ఏమో. వాళ్ళమ్మ కింద వీధి మూల ఇడ్లీ బండి పెడుతుందని ఎవరో అన్నారు. వాడికి సొంత స్ట్రైకర్ లేదు, నిర్వాహకులిచ్చిన దానితోనే ఆడుతున్నాడు. నాకు లోపల జాలి వేసింది. ఆ జాలి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

బోర్డు పైన రేకు టోపీ కింద వంద వాట్ల బల్బు. గాలికి పౌడర్ లేస్తుందని ఫ్యాను ఆపేశారు. చెమట ముక్కు చివరికి వచ్చి ఆగుతుంది, తుడుచుకుంటే వేళ్ళు తడుస్తాయి. మొదటి గేము పోయింది. నేను కొట్టిన కాయిన్లు పాకెట్ నోటిదాకా వెళ్ళి, లోపలికి తొంగిచూసి, అక్కడే కూర్చునేవి. వాడొచ్చి నా కాయిన్‌ని తాకకుండా పక్కనుంచి తనది లాక్కెళ్ళేవాడు. రెడ్డు కొట్టినప్పుడు కూడా తల ఎత్తలేదు, ఫాలో వేసి పౌడర్ చల్లుకున్నాడు. నేను మాత్రం ఒక్క కాయిన్ పడితే చాలు, వేళ్ళు చొక్కాకి తుడుచుకుంటూ చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలు చూసేవాణ్ణి.

రెండో గేములో ఎలాగో పుంజుకున్నాను. చివరి బోర్డులో నాకొక్క తెల్ల కాయిన్ మిగిలింది, అదీ నా గీతకి దగ్గరగా, ఇబ్బందికరమైన చోట. స్ట్రైకర్ బేస్ మీద పెట్టేటప్పుడు రెండు గీతలూ తగలాలి, లేకపోతే ఫౌల్. పడిన కాయిన్ బయటికి వస్తుంది, పైన ఇంకోటి డ్యూ. ఆ రెండు గీతలూ తగిలేలా పెడితే నాకు కోణం కుదరడం లేదు. దారప్పోగు మందం వెనక్కి లాగితే కుదురుతుంది. అంపైర్ స్కోరు చీటీ రాసుకుంటున్నాడు. లాగాను. కొట్టాను. పడింది.

“లైన్ తొడలేణ్ణా,” అన్నాడు వాడు. గీత తగల్లేదని. గొంతులో కోపం లేదు, ఉన్నదున్నట్టు చెప్పాడంతే.

అంపైర్ తలెత్తి చూశాడు. తను చూడలేదు కాబట్టి నన్నే అడిగాడు. “తొట్టుచ్చా?”

“తొట్టుచ్చు,” అన్నాను. తగిలింది అని. తెలుగులో అయితే నోరు వచ్చేదో లేదో. ఇంట్లో మాట్లాడే భాషలో అబద్ధం ఆడటం కష్టం అనుకుంటాను.

వాడు వాదించలేదు. కాయిన్లు పేర్చడం మొదలుపెట్టాడు. రెండో గేము నాది.

మూడోది ఐదు బోర్డుల్లో అయిపోయింది. ఆట గురించి చెప్పడానికేమీ లేదు, నేను ఆడలేదు. ప్రతిసారీ స్ట్రైకర్ పెట్టి గీతలకేసి చూసుకోవడం, మళ్ళీ జరపడం, చూసుకోవడం. వేలు బిగుసుకుపోయింది. వాడు గెలిచి, చెయ్యి చాపి, షేక్‌హ్యాండ్ ఇచ్చి, మెట్లు దిగిపోయాడు. బండి దగ్గర వాళ్ళమ్మకి సాయం చెయ్యాలట.

వ్యాసర్పాడి జీవా స్టేషన్లో లోకల్ ఎక్కాం. మూడో స్టేషన్ లోకో వర్క్స్‌లో దిగాలి. నాయన వేరుశనక్కాయల పొట్లం కొని సగం నా చేతిలో పోశాడు. పెరంబూర్ దాటిందాకా ఇద్దరం మాట్లాడలేదు. క్యారేజ్ వర్క్స్ రాగానే నేనే మొదలుపెట్టాను.

“ఆ బోర్డు సరిగా లేదు నాయనా. వాలుగా ఉంది. నా కాయిన్లు ఒక్కటి కూడా లోపలికి పోలా.”

“ఊఁ,” అన్నాడు.

ఇల్లు చేరి అన్నం తిన్నాక, నాయన తన సంచిలోంచి రసమట్టం తీశాడు. ఫ్యాక్టరీలో పలకలు సరిచూసేది. మా బోర్డుని నేలమీద పరిచి, ముందు నేలమీద మట్టం పెట్టి చూపించాడు. బుడగ సరిగ్గా రెండు గీతల మధ్య నిలబడింది. తర్వాత మట్టాన్ని బోర్డుమీద ఈశాన్యం నుంచి నైరుతికి ఐమూలగా పెట్టాడు. ఆకుపచ్చ నీళ్ళలో బుడగ ఒక్క క్షణం వణికి, నైరుతి వైపు మెల్లగా జరిగి, గాజు అంచుకి ఆనుకుని ఆగింది. బుడగ ఎటు పోతే అటు ఎత్తు, దాని ఎదురు మూల పల్లం. నాకు వివరించాల్సిన పని లేదు.

మాస్టర్ అన్న పేరంతా ఆ మూలలో ఉంది. కొంచెం కుంగిన ప్లైవుడ్ అది. నేను దాన్ని నా చెయ్యి అనుకున్నాను. వ్యాసర్పాడి బోర్డు చదునుగా ఉంది కాబట్టి నా కాయిన్లు ఆగిపోయాయి. ఇన్నేళ్ళ తర్వాత ఆఫీసులో ఎవరైనా తన పనితనం గురించి గట్టిగా మాట్లాడితే, నాకు ముందు వాళ్ళ ఇంటి బోర్డు ఎటు వాలి ఉంటుందా అన్న అనుమానం వస్తుంది. నా మాట నేను గట్టిగా మాట్లాడినప్పుడు ఆ అనుమానం కాస్త ఆలస్యంగా వస్తుంది, అది వేరే సంగతి.

నాయన మట్టాన్ని గుడ్డలో చుడుతూ, మొహం ఎత్తకుండా అడిగాడు. “రెండో గేములో ఆఖరి కాయిన్‌కి స్ట్రైకర్ యాడ బెట్టినావురా?”

ఆయన నా వెనకే నిలబడి ఉన్నాడన్న సంగతి అప్పటిదాకా నాకు తట్టలేదు. అరమిల్లీమీటరు తేడాకి చెక్క పక్కన పడేసే మనిషి. నేను నేలకేసి చూశాను. ఆయన ఇంకేమీ అనలేదు, లైటు తీసేసి పడుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేదని చాలా రాత్రులు అనుకున్నాను. తిడితే ఏడ్చేవాణ్ణి, ఏడిస్తే అయిపోయేది.

ఆ తర్వాత కొన్ని నెలలు బోర్డు మంచం కిందే ఉండిపోయింది. మెట్లమీద ఆటకి పిలిస్తే ప్లస్ వన్ చదువని చెప్పి తప్పించుకున్నాను. నిజానికి నేను రోజూ చేస్తున్న పని ఒకటే. వాడికి ఏం చెప్పాలో తమిళంలో వాక్యాలు కూర్చుకోవడం. వాడు రాత్రుళ్ళు నన్ను తిట్టుకుంటున్నట్టు, తమ్ముళ్ళకి నా మోసం కథగా చెబుతున్నట్టు ఊహించుకునేవాణ్ణి. అదీ ఒక రకం గొప్పే అని ఇప్పుడు తెలుస్తోంది. అవార్డు చొక్కా పోయి దోషి చొక్కా వచ్చింది, వేసుకున్నవాడు నేనే, బొమ్మ మధ్యలో నిలబడిందీ నేనే.

అరపరీక్షలయ్యాక డిసెంబరు సెలవుల్లో ఒక్కణ్ణే రైలెక్కి వెళ్ళాను. అదే మేడ, అదే బల్బు. వాడు చిన్నపిల్లలకి బ్రేక్ కొట్టడం చూపిస్తున్నాడు. చేతిలో అదే టోర్నమెంటు స్ట్రైకర్, అంచు కాస్త చెక్కుకుపోయి ఉంది. నేను కూర్చుకున్న వాక్యాలన్నీ వరసగా అప్పజెప్పాను. జూన్ టోర్నమెంటు, రెండో గేము, ఆఖరి బోర్డు, గీత తగల్లేదు, తగిలిందని చెప్పాను, తప్పు నాది.

వాడు కనుబొమలు ముడిచి కాసేపు ఆలోచించాడు.

“ఎంద బోర్డుణ్ణా?” అన్నాడు. ఏ బోర్డని.

మళ్ళీ చెప్పాను. వాడికి నా మొహం కొద్దిగా గుర్తుంది, రుమాల్లో స్ట్రైకర్ తెచ్చినవాడిగా. మిగతాది ఏమీ గుర్తులేదు. ఆ రోజు ఆ తర్వాత ఇంకా రెండు రౌండ్లు ఆడాడట, ఫైనల్లో ఓడిపోయాడట, అది మాత్రం షాటు షాటూ చెప్పగలడట. నేను నిలబడే ఉన్నాను. ఆరు నెలలు మోసిన మూట దించుదామని వస్తే, దించుకోవడానికి అక్కడ ఎవరూ లేరు.

వాడు పిల్లల్ని పక్కకి జరిపి నాకు చోటు చేశాడు. కాయిన్లు పేర్చి, మధ్యలో రెడ్డు పెట్టి, బోరిక్ పౌడర్ డబ్బా నా వైపు తోశాడు. బ్రేక్ నాకే ఇచ్చాడు. నేను స్ట్రైకర్ పెట్టి, తల వంచి, పై గీత చూశాను, కింది గీత చూశాను, వెంట్రుకంత జరిపి మళ్ళీ పై గీత చూశాను. చుట్టూ పిల్లలు ఎదురుచూస్తున్నారు.

“అడిణ్ణా,” అన్నాడు వాడు, విసుగ్గా. కొట్టమని. “కరెంట్ పోయిడుమ్.”