నాన్న పొలం పంపకం: పెద్దకొడుకు మాట

అందరూ కూర్చోండి. అమ్మా, నువ్వు ఇటు మంచం మీదకు రా, అక్కడికి నా మాట సరిగా వినపడదు. మామయ్యా, నేను ఎక్కడైనా తప్పు చెబితే అక్కడే ఆపండి. చివరిదాకా ఓపిక పట్టవద్దు.

నిన్నటితో నాన్న సంవత్సరీకం అయింది. ఈ ఏడాదంతా పొలం మాట మనలో ఎవరమూ పైకి ఎత్తలేదు. ఫోన్లలో మాత్రం విడివిడిగా అందరమూ ఎత్తాం. నాతో ఒకరు అన్నది రెండో రోజుకల్లా ఇంకొకరికి తెలిసిపోయేది. అందుకే ఇవాళ అందరి ఎదుటా చెబుతున్నాను.

ముందు ఈ రూళ్ళ పుస్తకం చూడండి. నాన్న బీరువాలో పాసుపుస్తకాల కింద దొరికింది. 1987లో రాసుకున్నాడు: ‘పెద్దవాడి చదువు నిమిత్తం చెరువు పక్క 80 సెంట్లు అమ్మకం.’ 1999లో చెల్లి పెళ్ళి ఖర్చు, పెట్టిన బంగారం, అల్లుడికి ఇచ్చిన రొక్కం. 2004లో తమ్ముడు రవి కాలేజీ ఫీజు, దానికి తెచ్చిన అప్పు, కట్టిన వడ్డీ. ఇంకో తమ్ముడు సుబ్బారావు పేరు కోసం చివరి పేజీ దాకా తిప్పాను. రెండే చోట్ల ఉంది. ఒకచోట యూరియా బస్తాలు తెచ్చాడని, ఇంకోచోట నాన్నను కంటి ఆపరేషనుకు తెనాలి తీసుకువెళ్ళాడని. వాడి కోసం పెట్టిన ఖర్చు ఒక్క రూపాయి కూడా అందులో లేదు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ‘చెల్లికి పెళ్ళిలోనే పెట్టేశాం, ఇక పొలంలో వాటా ఎందుకు’ అనే మాట నా చెవిన పడింది. పసుపు కుంకుమ కింద ఒక చీర పెట్టి హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం చేయించుకుందామనే మాట కూడా. అన్నది ఎవరో చెప్పను. దాచడం ఎందుకు, ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నవాణ్ణి. అయితే ముందు తీసుకున్నది వాటాలో మినహాయించాలంటే ఆ లెక్క చెల్లితో మొదలు కాకూడదు, నాతో మొదలు కావాలి. చెరువు పక్క 80 సెంట్లు తిన్నది నేను. ఆ చదువు మీద వచ్చిన జీతంతోనే విజయవాడలో ఇల్లు కట్టుకున్నాను. నా దాన్ని చదువు అని, చెల్లిదాన్ని వాటా అని అనడం ఎక్కడి న్యాయం?

వకీలుగారిని కూడా అడిగాను. చాలామంది 2005లో చట్టం మారాకే ఆడపిల్లకు హక్కు వచ్చిందనుకుంటారు. ఆ మార్పు పిత్రార్జితానికి సంబంధించింది. మన ఏడెకరాల ఇరవై సెంట్లూ నాన్న స్వార్జితం, వీలునామా రాయలేదు. అలాంటి ఆస్తిలో 1956 నాటి హిందూ వారసత్వ చట్టం నుంచే అమ్మకు, కొడుకులకు, కూతురికి సమాన వాటాలు. అంటే మనకు ఐదు భాగాలు. చెల్లికి మనం ఇస్తున్నది ఏమీ లేదు, ఉన్నది ఉన్నట్టు ఒప్పుకుంటున్నాం, అంతే. బావగారూ, మీరు మొహమాటపడి తల దించుకోనక్కరలేదు. మీరు ఏనాడూ అడగలేదని నాకు తెలుసు.

ఇక పొలం. కాలువ కింద మాగాణి నాలుగున్నర ఎకరాలు, నిమ్మతోట ఎకరన్నర, రోడ్డు వార చెక్క ఎకరం ఇరవై సెంట్లు. ఎకరానికి ఎకరం లెక్కన పంచితే రోడ్డు వార దక్కినవాడు నవ్వుతాడు, మిగిలినవాళ్ళు వాడి గడప తొక్కరు. అందుకని మామయ్య, ఊళ్ళో ఇద్దరు పెద్దలు కూర్చుని ధర కట్టారు. మాగాణి, తోట ఎకరం 60 లక్షలు. రోడ్డు వార సెంటు లక్షన్నర. మొత్తం ఐదు కోట్ల 40 లక్షలు. భాగానికి కోటీ ఎనిమిది లక్షలు.

నా ప్రతిపాదన ఇది. అమ్మకు నిమ్మతోట మొత్తం, దాన్ని ఆనుకుని ఉన్న మాగాణిలో 30 సెంట్లు. కాయ తెనాలి మార్కెట్టుకు వెళ్ళిన ప్రతిసారీ డబ్బు అమ్మ చేతికే రావాలి, మన చేతులు చూసుకుంటూ ఆమె కూర్చోకూడదు. తోట అమ్మ పేరనే ఉంటుంది, ఆమె ఇష్టం వచ్చినట్టు చేసుకుంటుంది. మనం నలుగురం తలా 30 సెంట్లు రోడ్డు వార, తలా ఎకరం ఐదు సెంట్లు మాగాణి. రోడ్డు వైపు ముఖం 240 అడుగులు ఉంది. తలా 60 అడుగులు వచ్చేటట్టు నిలువుగా చీలిస్తే ఎవరి ముక్కా వెనక పడదు. ఆ చెక్క మొత్తం నేనే తీసుకుని మాగాణి మీకు వదిలేద్దామని నాకూ ఆశ పుట్టింది. ధర కట్టించాక చూస్తే, నా భాగానికి అందులో వచ్చేది 72 సెంట్లే. ఆశ దిగిపోయింది.

మాగాణిలో పైముక్కకు నీళ్ళు ముందు అందుతాయి, కింది ముక్క వానలకు మునుగుతుంది. అది ధరతో సరిపోయే తేడా కాదు, కాబట్టి చీట్లు వేద్దాం. రవి కూతురు తీస్తుంది. ఒక్క మినహాయింపు. బోరు ఉన్న ముక్క చీటీలోకి రాదు, అది సుబ్బారావుది. ఆ బోరు వాడి కష్టార్జితంతో వేసింది.

పెద్దకొడుక్కి జ్యేష్ఠ భాగం ఇవ్వాలని బాబాయి అన్నాడు. వద్దు బాబాయీ. నా జ్యేష్ఠ భాగం 1987లోనే ముట్టింది. పైగా నా మాగాణిలోంచి 30 సెంట్లు సుబ్బారావుకు ఇస్తున్నాను. 80 ఇవ్వాలి నిజానికి. అంత ఇవ్వడానికి మనసు రాలేదు, మీ వదిన ఒప్పుకోలేదు కూడా. 30కి ఇద్దరం ఒప్పుకున్నాం. అమ్మా పద్మా, సుబ్బారావు ఇల్లాలిగా నాన్న మంచాన పడిన రెండేళ్ళూ రాత్రిళ్ళు లేచింది నువ్వు. ఈ 30 సెంట్లు దానికి కూలి అనుకోవద్దు. దానికి ధర కట్టడం మామయ్య వల్ల కూడా కాదు.

సొసైటీలో నాన్న పేర పంట అప్పు రెండు లక్షల 40 వేలు ఉంది. నలుగురం తలా 60 వేలు. అమ్మ మీద వేయకూడదు.

ఇల్లు సంగతి ఇవాళ ఎత్తను. అమ్మ ఉన్నంతకాలం అది అమ్మ ఇల్లు.

రవీ, నువ్వు నీ భాగం వెంటనే అమ్మేస్తానంటున్నావు. అమ్ముకో, నీ హక్కు. ఒక్కటే అడుగుతున్నాను. బయటివాళ్ళకు చూపించే ముందు సుబ్బారావును అడుగు, వాడికి ఆరు నెలలు గడువివ్వు. అమ్మనివాళ్ళ మాగాణి వాడే చేస్తాడు, ఊళ్ళో నడిచే కౌలు కంటే ఎకరానికి రెండు బస్తాలు తక్కువకు. గట్లు వేసి, నీళ్ళు కట్టి, నేలను కాపాడింది వాడు.

ఇదంతా తెల్లకాగితం మీద వద్దు. తాతయ్య దొడ్డిని నాన్న, పెదనాన్న కాగితం మీద పంచుకున్నారు. మూడడుగుల గోడ కోసం పదకొండేళ్ళు కోర్టుకు తిరిగారు. పెదనాన్న నా పెళ్ళికి రాలేదు. సర్వేయరును పిలిపించి రాళ్ళు పాతిద్దాం. భాగ పరిష్కార దస్తావేజు రాయించి అందరం సంతకాలు చేసి రిజిస్టరు చేయిద్దాం. తర్వాత ఎవరి పాసుపుస్తకం వాళ్ళకు. ఖర్చు నాది.

నేను చెప్పింది తీర్పు కాదు. ఎవరికైనా నచ్చకపోతే ఇప్పుడే, ఇక్కడే అనండి, కోపంగా అన్నా సరే. రేపు ఫోనులో అనవద్దు. పుస్తకం ఈ బల్ల మీద పెడుతున్నాను, ఎవరైనా తిరగేసుకోవచ్చు.

సుబ్బారావూ, ముందు నువ్వు మాట్లాడు. ఎప్పటిలా ‘మీ ఇష్టం అన్నయ్యా’ అంటే ఊరుకోను.